వరి నారు పసుపు పడితే ఒకటి, ముదురు పచ్చగా గిడసబారితే ఇంకొకటి

"నారు పోసి 18 రోజులైంది. మడిలో ఒక పక్క కింది ఆకులు కొనల నుంచి పసుపు పడుతున్నాయి, రెండో పక్క నారు ముదురు పచ్చగానే ఉంది కానీ బెత్తెడుకు మించి లేవలేదు. 12వ రోజున మొత్తానికీ యూరియా చల్లాను. ఒకరు మళ్ళీ యూరియా వేయమంటున్నారు, ఇంకొకరు పొటాష్ అంటున్నారు. ఆకు చూసి నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో ఏది తక్కువైందో ఎలా తెలుసుకోవాలి?"

ముందు ఆ యూరియా బస్తా పక్కన పెట్టండి, ఒక్క రోజు ఆగితే కొంప మునగదు. గట్టు మీద నిలబడి చూస్తే మడి రంగు కనిపిస్తుంది గానీ ఆకు కనిపించదు. పసుపు పడిన పక్క నుంచి పది మొక్కలు, ముదురు పచ్చ పక్క నుంచి పది మొక్కలు, మడిలో ఎక్కడైనా బాగా ఎదిగిన చోటు ఉంటే అక్కడి నుంచి ఓ అయిదు మొక్కలు, వేర్లు తెగకుండా మట్టిని నీళ్లతో వదులు చేసి మెల్లగా పీకండి. బురద పోయేలా కడిగి, నీడలో ఒక తెల్లగుడ్డ మీద మూడు వరుసలుగా పరచండి. ఎండలో చూస్తే ఆకు మెరుపుకి రంగు తప్పుగా కనిపిస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి చూసుకోవడం కూడా అంతే, ఫోన్ దాని ఇష్టం వచ్చినట్టు పచ్చదనం పెంచేస్తుంది.

ఇప్పుడు మీరు చూడాల్సింది రంగు కంటే ముందు, ఆ రంగు ఏ ఆకు మీద ఉంది అన్నది. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటికీ ఒక పోలిక ఉంది. మొక్కకి ఇవి చాలకపోతే ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగేసి కొత్తగా వచ్చే ఆకుకి పంపించుకుంటుంది. అందుకే మూడింట్లో ఏ లోపమైనా గుర్తులు కింది ఆకుల మీదే మొదలవుతాయి, మొవ్వులోంచి వచ్చే లేతాకు చాలా రోజులు బాగానే ఉంటుంది. అలా కాకుండా కింది ఆకులు పచ్చగా ఉండి పైన వచ్చే కొత్త ఆకులు పాలిపోతుంటే, అది ఈ మూడింట్లో ఏదీ కాదు. అలాంటి చోట ఎక్కువగా ఇనుము లోపం ఉంటుంది, కొన్నిసార్లు గంధకం. నీళ్లు నిలపకుండా పెంచే పొడి నారుమళ్లలో, సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము లోపం మరీ ఎక్కువ, మొవ్వాకు దాదాపు తెల్లగా వచ్చేస్తుంది. దానికి మీరు ఎన్నిసార్లు యూరియా వేసినా మొక్క పచ్చబడదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి, అదే దాని మందు. మీరు చెప్పింది కింది ఆకుల గురించి కాబట్టి ఇక దాన్ని వదిలేద్దాం.

ఇంకొక చిన్న సంగతి. 18 రోజుల నారుకి మామూలుగా నాలుగైదు ఆకులుంటాయి. అన్నిటికన్నా కింద, మొదట వచ్చిన పొట్టి ఆకు ఈ వయసుకి పసుపు పడి ఎండిపోవడం సహజం, దాని పని అయిపోయింది. దాన్ని చూసి లోపం అనుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. దాన్ని లెక్కలోంచి తీసేసి, దాని పైనున్న రెండో ఆకు, మూడో ఆకు చూడండి. అలాగే నారు పోసిన మొదటి పది రోజుల్లో కనిపించే రంగుని బట్టి నేలకి పేరు పెట్టకండి. మూడు ఆకులు వచ్చేదాకా పిల్ల మొక్క ఎక్కువగా గింజలో దాచుకున్నదాని మీదే బతుకుతుంది. నేలలో ఉన్న లోటు బయటపడేది ఆ నిల్వ అయిపోయాకే, అంటే మీరిప్పుడున్న వయసులోనే.

సరే, మీ పసుపు వరుస దగ్గరికి వద్దాం. నత్రజని లోపమైతే రెండో ఆకు పసుపు కొన దగ్గర మొదలై మధ్య ఈనె వెంట కిందికి దిగుతుంది. అంచులు కాస్త ఆలస్యంగా పసుపు పడతాయి కాబట్టి ఆకుని అరచేతిలో పరిచి చూస్తే పసుపు భాగం సూదిగా లోపలికి దూసుకొచ్చినట్టుంటుంది. పసుపు మొత్తం ఒకే తీరుగా ఉంటుంది, మచ్చలు ఉండవు, చారలు ఉండవు. పై ఆకులు కూడా నిండు పచ్చ కాకుండా లేత పచ్చగా, సన్నగా, పొట్టిగా, నిటారుగా ఉంటాయి. బాగా ముదిరితే కింది ఆకు గడ్డిరంగుకి తిరిగి ఎండిపోతుంది. వేర్లు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, పైన మొక్క చిన్నదైనా వేర్లు పొడవుగానే, తెల్లగానే ఉంటాయి. తిండి కోసం అవి దూరం వెళ్తాయి మరి. ఈ వేర్ల గుర్తు నాకు చాలాసార్లు పనికొచ్చింది, ఎందుకంటే నీరు మురిగిన మడిలో కూడా ఆకు పసుపు పడుతుంది, కానీ అక్కడ వేర్లు నల్లబడి కుళ్ళిన వాసన వేస్తాయి. ఆ మడికి కావాల్సింది ఎరువు కాదు, నీళ్లు తీసేసి రెండు రోజులు ఆరగట్టడం.

మడి మొత్తం మీద పసుపు ఎలా పరుచుకుందో కూడా చూడండి. నత్రజని లోపం మెల్లమెల్లగా మారే రంగులా ఉంటుంది, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ, మధ్యలో గీత గీసినట్టు ఉండదు. పశువులు మూత్రం పోసిన చోట గుండ్రంగా ముదురు పచ్చ మచ్చ కనిపిస్తే అది దాదాపు ప్రకృతి పెట్టిన పరీక్షే, మిగతా మడికి నత్రజని చాలట్లేదని అర్థం. (మూత్రంలో పొటాష్ కూడా ఉంటుంది కాబట్టి నూటికి నూరు పాళ్లు నత్రజనే అని ఒట్టేయలేం, కానీ 18 రోజుల నారులో ఆ పచ్చదనం తెచ్చేది చాలావరకు నత్రజనే.)

మీరు 12వ రోజున యూరియా వేశారు కదా, మరి ఒక పక్కే ఎందుకు పసుపు పడింది? ఇక్కడ నేను మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: యూరియా వేసిన రోజు మడిలో ఎన్ని నీళ్లున్నాయి, తర్వాత రెండు మూడు రోజుల్లో నీళ్లు ఎటు వెళ్లాయి? యూరియా చల్లగానే నీళ్లలో కరిగిపోతుంది, కరిగిన యూరియాని మట్టి పట్టి ఉంచలేదు. అది అమ్మోనియంగా మారాకే మట్టి రేణువులకి అంటుకుంటుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా వాన పడి గట్టు మీంచి పొర్లినా, మడవ తెరిచినా యూరియా నీళ్లతో పాటే బయటికి పోతుంది. మీ పసుపు పక్క నీళ్లు వచ్చే మడవ దగ్గరో, బయటికి పోయే మడవ దగ్గరో అయితే జరిగింది ఇదే అయి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఆ పక్కన పచ్చిగా ఉన్న గడ్డో, చివకని పశువుల ఎరువో దమ్ములో కలిసిపోయి ఉంటే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే మీరు వేసిన నత్రజనిని ముందు తినేస్తాయి, నారుకి తర్వాతే మిగులుతుంది.

పసుపు సంగతి వదిలే ముందు ఒక్క పరీక్ష చేయండి, అర నిమిషం పని. అరచేయి తడుపుకుని పసుపు పడిన నారు మీద పైపైన నిమరండి. చేతికి నల్లటి, సన్నటి, నూలుపోగు ముక్కల్లాంటి పురుగులు అంటుకుంటే అవి తామర పురుగులు. వాటి వల్ల కూడా ఆకు కొన పసుపు పడుతుంది, కానీ కొన సూదిలా చుట్టుకుపోయి ఉంటుంది, ఆకు మీద వెండి రంగు చారలు ఉంటాయి, పైగా అవి లేతాకుల్ని కూడా వదలవు. దీన్ని నత్రజని లోపం అనుకుని యూరియా వేస్తే మెత్తటి ఆకు ఇంకా ఎక్కువ వస్తుంది, పురుగులకి పండగే.

ఇక రెండో పక్క, అదే నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నది. ముదురు పచ్చగా ఉంది కానీ లేవలేదు అన్నారు చూడండి, నారుమడిలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పసుపు అంటే జబ్బు, పచ్చ అంటే ఆరోగ్యం అని మనసులో పడిపోయింది. భాస్వరం చాలని నారు పసుపు పడదు. ఆకు ఎదగడం ఆగిపోతుంది గానీ ఆకుపచ్చ పదార్థం తయారవడం అంతగా తగ్గదు, దాంతో అదంతా చిన్న ఆకులోనే కుక్కినట్టయి ఆకు మామూలు కంటే ముదురుగా కనిపిస్తుంది. ఆ పచ్చదనంలో నిగారింపు ఉండదు, కాస్త మురికి పట్టినట్టు, నీలి ఛాయ కలిసినట్టు ఉంటుంది. ఆకులు సన్నగా, పొట్టిగా, చీపురు పుల్లల్లా నిటారుగా నిలబడతాయి. కాండం మొదలు దారంలా సన్నగా ఉంటుంది. వయసుకి తగ్గ ఆకులు ఉండవు, పక్క మడిలో అదే రోజు పోసిన నారుకి అయిదో ఆకు వస్తుంటే దీనికి నాలుగోది కూడా విచ్చుకోదు. కింది ఆకులు కొన్నాళ్లకి పసుపు కాకుండా తిన్నగా గోధుమ రంగుకి తిరిగి ఎండిపోతాయి. వేర్లు కూడా తక్కువగా, పొట్టిగా ఉంటాయి.

ఊదా రంగు గురించి ఒక మాట. భాస్వరం తక్కువైతే ఆకు ఊదాగా, ఎర్రగా తిరుగుతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. నిజమే, కానీ ఆ రంగు పదార్థం తయారు చేసుకునే రకాల్లోనే. చాలా వరి రకాల్లో ఊదా ఛాయ అసలు రాదు, కాబట్టి ఊదా లేదు కాబట్టి భాస్వరం బాగుందనుకోవద్దు. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది: కొన్ని రకాలకి మొదట్లో ఆకు తొడుగు పుట్టుకతోనే ఊదాగా ఉంటుంది. అది రకం లక్షణం. అన్ని మొక్కల్లో ఒకేలా, మడి అంతటా, బాగా ఎదిగిన మొక్కల్లో కూడా మొదలు ఊదాగా ఉంటే దాని గురించి ఆలోచించకండి. ఆకు మీద, అదీ కింది ఆకుల కొనల మీద, గిడసబారిన చోట మాత్రమే ఊదా కనిపిస్తే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, బోల్తా పడే తెలిసింది. చలికాలంలో పోసిన ఒక నారుమడి, సుమారు 200 చదరపు మీటర్లు. పోసిన 15 రోజులకి చూస్తే నిండు పచ్చగా ఉంది, నేను సంతోషపడ్డాను కూడా. 20వ రోజుకి కూడా అంతే ఉంది, అంటే అక్షరాలా అంతే ఉంది, ఎదగలేదు. చలికి ఆగిందిలే అని ఒక కిలో నత్రజనికి సరిపడా యూరియా వేశాను. నాలుగు రోజుల్లో ఇంకా ముదురు రంగుకి వచ్చింది గానీ ఎత్తు మారలేదు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి, ఎందుకంటే నత్రజని లోపమే అయితే యూరియా వేసిన నాలుగైదు రోజుల్లో రంగుతో పాటు ఎదుగుదల కూడా కనిపించాలి. మడి చుట్టూ తిరిగి చూస్తే ఒక మూల, రెండు మంచాలు పట్టేంత చోట, నారు మిగతా దానికంటే రెట్టింపు ఎత్తుంది, రంగేమో కాస్త లేత పచ్చ. ఆ మూల అంతకుముందు కోళ్ల ఎరువు కుప్ప పోసి ఉంచిన చోటు. కోళ్ల ఎరువులో భాస్వరం బాగా ఉంటుంది. మిగతా మడి నేల చదును చేసినప్పుడు పైమట్టి తీసేసిన చోటు, కింద నుంచి బయటపడిన మట్టిలో భాస్వరం చాలా తక్కువ. దీనికి చలి కూడా తోడైంది, చల్లటి నేలలో వేరు మెల్లగా పెరుగుతుంది, భాస్వరం తీసుకోవడమూ తగ్గుతుంది. పైమట్టి పోవడం, చలి, రెండూ కలిసి కొట్టాయి.

అప్పుడు వేసిన సూపర్ ఫాస్ఫేట్ పనిచేసింది, కానీ యూరియాలా నాలుగు రోజుల్లో కాదు. తొమ్మిదో రోజుకి గానీ తేడా చెప్పుకోదగ్గట్టు కనిపించలేదు, అది కూడా పాత ఆకుల్లో కాదు, కొత్తగా వచ్చిన ఆకు వెడల్పులో, కొత్తగా వచ్చిన తెల్ల వేళ్లలో. రంగు చూస్తే నిజానికి కాస్త లేతబడింది, అది మంచి గుర్తు. ఆ నారుని అనుకున్న దానికంటే పది రోజులు ఆలస్యంగా పీకాల్సొచ్చింది. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. అందుకే దాని చోటు ఆఖరి దమ్ము, పైపాటు కాదు. నారు పోశాక వేయడం అంటే ఆలస్యమైన పనే, అయినా నారుమడిలో వేర్లు పైపై మట్టిలోనే ఉంటాయి కాబట్టి పలచటి నీళ్లలో వేస్తే కొంత అందుతుంది.

మీ మడిలో కూడా ముదురు పచ్చ పక్క, చదును చేసినప్పుడు మట్టి తీసిన మెరక పక్కేనా అని గుర్తు చేసుకోండి. నీళ్లు నిలవని మెరక అయినా అంతే. నీళ్లు నిలిచి మట్టికి గాలి అందకపోతే ఇనుముతో బిగిసిపోయి ఉన్న భాస్వరం కొంత విడుదలవుతుంది, ఆరిపోయే మెరకలో ఆ లాభం ఉండదు.

పొటాష్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే 18 రోజుల నారులో అది నిజంగా తక్కువైన సందర్భాలు నేను చూసినవి తక్కువ. ఈ వయసుకి నేలలోది, నీళ్లలోది చాలావరకు సరిపోతుంది, దాని లోటు ఎక్కువగా నాటాక, పిలకలు వేసేటప్పుడు, ఆ తర్వాత బయటపడుతుంది. నారులో కనిపించేది ఎక్కడంటే ఇసుక నేలల్లో, ఏటా అదే చోట నారు పోసి వేళ్లతో సహా పీకేసి తిరిగి ఏమీ వేయని మళ్లలో, లేదా యూరియా బాగా గుప్పించి మిగతావి మరిచిపోయిన చోట. గుర్తు ఏమిటంటే కింది ఆకు కొన దగ్గర మొదలై అంచుల వెంట కిందికి పసుపు-గోధుమ రంగు దిగుతుంది, మధ్య ఈనె దగ్గర మాత్రం పచ్చగానే ఉంటుంది. నత్రజనిలో చెప్పిన దానికి ఇది తిరగేసిన బొమ్మ. నత్రజనిలో పసుపు నడిమిన దిగుతుంది, పొటాష్‌లో అంచున దిగుతుంది. అంచు తర్వాత మాడినట్టు ఎండుతుంది, కొనల మీద తుప్పు రంగు చిన్న చుక్కలు రావచ్చు, ఆకులు నిలబడకుండా వాలిపోతాయి. మిగతా ఆకు ముదురు పచ్చగానే ఉంటుంది కాబట్టి భాస్వరంతో పొరబడే వీలుంది, కానీ భాస్వరం లోపంలో ఆకు పుల్లలా నిలబడుతుంది, ఇందులో మెత్తబడి వాలుతుంది.

చుక్కలున్నప్పుడు మాత్రం తొందరపడి పొటాష్ అనకండి. గోధుమ మచ్చ తెగులులో మచ్చ నువ్వు గింజలా కోలగా ఉంటుంది, పెద్దదైతే మధ్యలో బూడిద రంగు, చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆకు మీద ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. చౌడు నేలలో ఉప్పు ఎక్కువైతే కొనలు తెల్లగా మాడతాయి. జింకు లోపంలో కూడా కింది ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి, కానీ దాంతో పాటు కొత్త ఆకు మొదట్లో మధ్య ఈనె తెల్లగా పాలిపోతుంది, పొటాష్‌లో అలా జరగదు. యూరియా మంచుతో తడిసిన ఆకుల మీద పడితే కూడా కొనలు తెల్లగా మాడతాయి, ఆకు మధ్యలో కూడా తెల్లటి మచ్చలుగా మాడుతుంది. అది చల్లిన మర్నాడో రెండో రోజో కనిపిస్తుంది, తర్వాత వచ్చే ఆకుకి ఉండదు. మీకు పొటాష్ అని చెప్పినవాళ్లు ఏ గుర్తు చూసి చెప్పారో అడగండి. అంచు మాడకుండానే పొటాష్ లోపం అంటే నేను ఒప్పుకోను.

ఇంత చెప్పినా ఆకు ఒక్కటే చూసి ఖాయం చేసుకోవడం కష్టమైన రోజులు ఉంటాయి, ముఖ్యంగా రెండు లోపాలు కలిసి ఉన్నప్పుడు. నత్రజని తక్కువగా ఉన్నంతసేపు మొక్క అసలే చిన్నది, భాస్వరం అవసరం కూడా తక్కువే, అందుకని భాస్వరం లోటు బయటపడదు. నత్రజని వేయగానే రెండోది పైకి వస్తుంది. మీ మడిలో కూడా 12వ రోజు యూరియా అందిన పక్క ఇప్పుడు భాస్వరం లోటు చూపిస్తోందేమో అని నా అనుమానం. అందుకే చిన్న గళ్ల పరీక్ష పెట్టండి. మడిలో ప్రతి పక్కా మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండేలా నాలుగు గళ్లు పుల్లలతో గుర్తుపెట్టి, మట్టితో బెత్తెడు ఎత్తు గట్టు కట్టండి, లేకపోతే ఒక గడిలోది పక్క గడిలోకి వెళ్లిపోతుంది. నీళ్లు వేలి మందం ఉంటే చాలు. మొదటి గడిలో 11 గ్రాముల యూరియా, రెండోదాంట్లో 30 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, మూడోదాంట్లో 8 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయండి, నాలుగోది ఖాళీగా వదిలేయండి. అంత తక్కువ తూచే త్రాసు లేకపోతే పది రెట్లు తూచి పది సమానమైన కుప్పలు చేసి ఒక కుప్ప తీసుకోండి. పొడి ఇసుకలో కలిపి, ఆకుల మీద తడి లేని సమయంలో చల్లండి. డీఏపీ మాత్రం ఈ పరీక్షకి వాడకండి, అందులో నత్రజని కూడా ఉంది, ఏది పనిచేసిందో తెలియదు.

మీ దగ్గర రెండు రకాల గుర్తులున్నాయి కాబట్టి ఈ నాలుగు గళ్లు రెండు పక్కలా పెట్టాలి, అంటే మొత్తం ఎనిమిది. యూరియా గడి నాలుగైదు రోజుల్లో జవాబు చెబుతుంది. సూపర్ ఫాస్ఫేట్ గడికి వారం పది రోజులు ఆగండి, అక్కడ రంగు కాదు, ఎత్తు, కొత్త ఆకు వెడల్పు కొలిచి చూడండి. పొటాష్ గడిలో పాత ఆకుల మాడిన అంచు తిరిగి బాగవదు, కొత్తగా ముదిరే ఆకులకి ఆ అంచు రాకపోవడమే జవాబు. ఒక చిక్కు కూడా చెప్పాలి. సూపర్ ఫాస్ఫేట్‌లో గంధకం, సున్నం కూడా ఉంటాయి. ఆ గడిలో పసుపుగా ఉన్న లేతాకులు పచ్చబడితే మీకు తక్కువైంది భాస్వరం కాదు, గంధకం అయి ఉండొచ్చు. ముదురు పచ్చ పక్కన పెట్టిన గడిలో మొక్క పొడవైతే మాత్రం అనుమానం లేదు, అది భాస్వరమే.

పది రోజులు ఆగే వ్యవధి లేదు, నాట్లు దగ్గర పడుతున్నాయి అంటారా, అప్పుడు నేనైతే ఇలా చేస్తాను. పసుపు పక్కన రెండో ఆకు నడిమి పసుపు, తెల్ల వేర్లు, తడి చేతికి పురుగు లేదు, ఈ మూడూ కుదిరితే ఆ పక్కకే యూరియా వేస్తాను. 200 చదరపు మీటర్లకి అయితే 2.2 కిలోలు, అంటే అయిదు సెంట్లకి ఒక కిలో నత్రజని, అందులో మీ పసుపు భాగం ఎంతో అంతే తూకం. ముందు నీళ్లు పలచగా తీసేసి, మధ్యాహ్నం ఆకులు పొడిగా ఉన్నప్పుడు చల్లి, మడవ కట్టేసి, మర్నాడు కొద్దిగా నీళ్లు పెట్టి, రెండు మూడు రోజులు బయటికి చుక్క పోనివ్వను. ముదురు పచ్చ పక్కకి యూరియా ఒక్క గింజ కూడా వద్దు. అక్కడ అదే లెక్కన 200 చదరపు మీటర్లకి 6.25 కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేసి, నీళ్లు పలచగా నిలిపి, ఆ పక్క నారు పీకడం ఒక వారం ఆలస్యం చేస్తాను. పొటాష్ అంచు గుర్తు కనిపిస్తేనే 1.7 కిలోలు, లేకపోతే దాన్ని పొలానికి అట్టిపెట్టుకోండి.

ఆకు రంగు పట్టీతో చూడమని ఎవరైనా చెబితే, అది నారుమడి కోసం చేసింది కాదు. నాటిన రెండు వారాల తర్వాత నుంచి, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకుతో పోల్చి నత్రజని అవసరం తేల్చుకోవడానికి అది. భాస్వరం తక్కువైన ముదురు పచ్చ నారుని దాని పక్కన పెడితే "నత్రజని బ్రహ్మాండంగా ఉంది" అంటుంది, అబద్ధం కాదు, కానీ మీకు పనికొచ్చే సంగతీ కాదు.

మొక్కలు పీకి కడిగాక రెండో ఆకు దగ్గరగా కనిపించేలా, వేర్లు కూడా పడేలా నీడలో ఫొటో తీసి పెట్టండి, రంగు నమ్మను గానీ పసుపు నడిమిన ఉందా అంచున ఉందా, వేరు తెల్లగా ఉందా నల్లగా ఉందా అన్నది మాత్రం ఫొటోలో తెలిసిపోతుంది. దాంతో పాటు యూరియా వేశాక మడవ ఎప్పుడు తెరిచారో కూడా రాయండి.